ట్రిప్లెట్ లాస్ సరిగ్గా 0.2 దగ్గర అతుక్కుపోయింది, కదలడం లేదు

#1 సెల్ఫీ_జత

రెండు ఫొటోలు ఇస్తే ఒకే మనిషివో కాదో చెప్పాలి. ఒకటి గుర్తింపు కార్డు మీద ఉండే ఫొటో, రెండోది ఫోన్‌తో తీసుకున్న సెల్ఫీ. డేటాలో దాదాపు రెండు వేల మంది ఉన్నారు, ఒక్కొక్కరికి ఎనిమిది, పది ఫొటోలు. సియామీస్ పద్ధతిలోనే చేస్తున్నాను, అంటే ఒకే నెట్‌వర్క్, ఒకే వెయిట్లు, అన్ని ఫొటోలూ అందులోంచే వెళ్తాయి. ఇమేజ్‌నెట్ మీద ట్రెయిన్ అయిన రెస్‌నెట్-50 తీసుకుని, చివర 128 సంఖ్యల ఎంబెడింగ్ పెట్టి, దాని పొడవు 1 అయ్యేలా నార్మలైజ్ చేశాను. మార్జిన్ 0.2.

ప్రతి ట్రిప్లెట్‌లో యాంకర్ ఒక ఫొటో, పాజిటివ్ అదే మనిషిది ఇంకో ఫొటో, నెగటివ్ వేరే మనిషిది. మొదట నెగటివ్‌లను ఊరికే యాదృచ్ఛికంగా తీసుకున్నాను. లాస్ చకచకా సున్నాకి పడిపోయింది గానీ, కాస్త పోలికలున్న ఇద్దరిని చూపిస్తే ఒకరే అంటోంది. అందుకని బ్యాచ్‌లో ప్రతి యాంకర్‌కూ అన్నిటికంటే దూరంగా ఉన్న పాజిటివ్, అన్నిటికంటే దగ్గరగా ఉన్న నెగటివ్ తీసుకోవడం మొదలుపెట్టాను. లాస్ 0.3 పైన మొదలై, 0.2కి దిగి, అక్కడే ఆగిపోయింది. 0.2000, 0.1999, 0.2001. ఎంత సేపు నడిపినా అంతే. ఇప్పుడు ఏ ఇద్దరిని చూపించినా "ఒకే మనిషి" అంటోంది. లెర్నింగ్ రేట్ సమస్యా, ఇంకేమైనానా?

#2 సగం_గ్రేడియంట్

మార్జిన్ మరీ చిన్నది. 0.5 పెట్టండి. మార్జిన్ ఎంత పెద్దదైతే వేర్వేరు మనుషుల్ని అంత దూరం నెడుతుంది. నా ప్రాజెక్టులో అలాగే బాగుపడింది.

#3 పాత_టెన్సర్

ఆ 0.2 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. లాస్ అంటే పాజిటివ్ దూరం మైనస్ నెగటివ్ దూరం ప్లస్ మార్జిన్. నెట్‌వర్క్ అందరి ముఖాలనూ ఒకే బిందువు మీదకి తెచ్చిపెడితే రెండు దూరాలూ సున్నా. మిగిలేది మార్జిన్ ఒక్కటే. మీ లాస్ మార్జిన్ దగ్గర ఆగిందంటే నెట్‌వర్క్ కుప్పకూలిందని అర్థం.

#2లో చెప్పినట్టు 0.5 పెట్టి చూడండి, కానీ మందుగా కాదు, పరీక్షగా. లాస్ ఈసారి 0.5 దగ్గర ఆగితే అనుమానం తీరిపోతుంది. దాంతో పాటు ఒక బ్యాచ్ మీద ఇది ప్రింట్ చేయండి:

```python
d = 2 - 2 * emb @ emb.T          # వర్గ దూరం
same = y[:, None] == y[None, :]
print(d[~same].mean().item(), emb.std(0).mean().item())
```

ఎంబెడింగ్‌ల పొడవు 1 కాబట్టి వర్గ దూరాన్ని డాట్ ప్రొడక్ట్ నుంచి ఇలా నేరుగా తీసుకోవచ్చు. వెక్టర్లు గోళం అంతటా బాగా పరుచుకుని ఉంటే మొదటి సంఖ్య 2కి దగ్గరగా, రెండోది 0.088 చుట్టూ ఉంటుంది, అంటే 1ని 128 వర్గమూలంతో భాగిస్తే వచ్చేది. కూలిపోతే రెండూ సున్నా వైపు వెళ్తాయి.

#4 గేటు_కెమెరా

నాదీ ఇదే సమస్య. హాజరు కోసం పెట్టిన కెమెరా అన్నదమ్ములిద్దరిని ఒకరిగా గుర్తిస్తోంది. రెడీమేడ్ మోడల్ వాడుతున్నాం, థ్రెషోల్డ్ 0.6. ఎంత పెట్టాలి?

#5 నిశితం

@గేటు_కెమెరా మీది వేరే సంగతి. ఆయన మోడల్ ఇంకా నేర్చుకోవడమే లేదు. మీ మోడల్ నేర్చుకుంది, గీత ఎక్కడ గీయాలన్నదే మీ ప్రశ్న. ముందు ఇది తేలనివ్వండి, తర్వాత అక్కడికి వద్దాం.

#6 సెల్ఫీ_జత

ప్రింట్ చేశాను. మొదటి సంఖ్య 0.0004. రెండోది దాదాపు సున్నా. మార్జిన్ 0.5 పెడితే లాస్ 0.5 దగ్గర ఆగింది. పాత_టెన్సర్ గారు చెప్పినట్టే జరిగింది.

ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. అందరినీ ఒకే చోట పెట్టడం అంత చెత్త జవాబు కదా, నెట్‌వర్క్ దాని వైపు ఎందుకు వెళ్తుంది? లాస్ తగ్గించమనే కదా చెప్పాం.

#7 పాత_టెన్సర్

తగ్గించింది కదా. 0.3 నుంచి 0.2కి. అన్నిటికంటే కష్టమైన ట్రిప్లెట్‌లు మాత్రమే ఏరి ఇస్తే, మొదట్లో వాటిలో చాలావరకు నెగటివ్ పాజిటివ్ కంటే దగ్గరగా ఉంటుంది. అప్పుడు లాస్ మార్జిన్ కంటే ఎక్కువ. దాన్ని మార్జిన్ వరకు దించడానికి అన్నిటికంటే సులువైన దారి అన్నీ ఒక చోట చేర్చడమే. అక్కడి నుంచి ఇంకా కిందికి రావాలంటే ముఖాల తేడా నిజంగా నేర్చుకోవాలి, అది కష్టం.

సంఖ్యలతో చూద్దాం. ఒక యాంకర్ ఉంది, దాని పాజిటివ్ వర్గ దూరం 0.5. మూడు నెగటివ్‌లు ఉన్నాయి: 0.02, 0.6, 0.9. మార్జిన్ 0.2.

0.9 దగ్గరున్నది: 0.5 − 0.9 + 0.2 = −0.2, అంటే లాస్ సున్నా. దీని నుంచి నేర్చుకునేది ఏమీ లేదు. యాదృచ్ఛికంగా తీసినప్పుడు మీకు దొరికినవి ఎక్కువగా ఇలాంటివే, అందుకే లాస్ చకచకా పడింది.

0.6 దగ్గరున్నది: 0.5 − 0.6 + 0.2 = 0.1. నెగటివ్ పాజిటివ్ కంటే దూరంగానే ఉంది, కానీ చాలినంత దూరం లేదు. దీన్నే సెమీ-హార్డ్ అంటారు.

0.02 దగ్గరున్నది: 0.5 − 0.02 + 0.2 = 0.68. మీ కోడ్ ఏరుకునేది దీన్నే. చూడటానికి ఇదే ఎక్కువ నేర్పాలి అనిపిస్తుంది. కానీ గ్రేడియంట్ చూడండి. వర్గ దూరం వాడుతున్నప్పుడు నెగటివ్ మీద పడే తోపు, యాంకర్‌కూ దానికీ మధ్య ఉన్న దూరానికి రెట్టింపు. ఇక్కడ దూరం 0.02 వర్గమూలం, అంటే 0.14. తోపు 0.28. పాజిటివ్‌ను లాగే బలం 0.5 వర్గమూలానికి రెట్టింపు, అంటే 1.41. లాగే బలం తోసే బలానికి అయిదు రెట్లు. నెగటివ్ ఎంత దగ్గరగా ఉంటే దాన్ని తోసే బలం అంత తక్కువ. బ్యాచ్‌లో ప్రతి యాంకర్‌కూ ఇదే జరిగితే మొత్తం మీద లాగుడే మిగులుతుంది, అందరూ మధ్యకి చేరతారు. చేరాక రెండు బలాలూ సున్నా. ఇక అక్కడి నుంచి కదలదు.

#8 వెక్టర్_వాన

#7 చదివాక సంవత్సరాలుగా ఉన్న సందేహం తీరింది. "హార్డెస్ట్ వాడొద్దు" అని అందరూ అంటారు గానీ, తోసే బలమే పోతుందని ఎవరూ చెప్పలేదు.

#9 నిశితం

2015లో గూగుల్ వాళ్ల ఫేస్‌నెట్ పేపర్‌లో సెమీ-హార్డ్ వాడింది ఈ కూలిపోవడాన్ని తప్పించుకోవడానికే. మార్జిన్ 0.2, 128 సంఖ్యల ఎంబెడింగ్ కూడా అందులోవే, బహుశా మీరు అక్కడి నుంచే తీసుకుని ఉంటారు. పాజిటివ్‌ల విషయంలో వాళ్లు అన్నిటికంటే దూరమైనది ఏరలేదు, బ్యాచ్‌లో ఉన్న యాంకర్-పాజిటివ్ జతలన్నీ వాడారు. ఏరడం నెగటివ్‌కు మాత్రమే. మీరు రెండు వైపులా కష్టమైనవే తీసుకుంటున్నారు, అందుకే ఇంత త్వరగా కూలింది.

కోడ్ ఇంత మాత్రం. లూప్ నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఏం జరుగుతోందో కనిపిస్తుంది:

```python
losses = []
for a, p in pairs:               # ఒకే మనిషి జతలన్నీ
    dap = d[a, p]
    ok = ~same[a] & (d[a] > dap) & (d[a] < dap + m)
    idx = ok.nonzero().flatten()
    if len(idx):
        n = idx[torch.randint(len(idx), (1,))]
        losses.append(dap - d[a, n] + m)
```

ఇంకో ముఖ్యమైన సంగతి బ్యాచ్. వాళ్ల బ్యాచ్‌లో 1800 దాకా ముఖాలు, ఒక్కో మనిషివి నలభై చొప్పున ఉండేవి. మీ బ్యాచ్ ఎంత? ఎలా నింపుతున్నారు?

#10 సెల్ఫీ_జత

72. ముందు 18 మందిని తీసుకుని, ఒక్కొక్కరివి 4 ఫొటోలు.

#11 నిశితం

అలా నింపడం మంచిదే. మొత్తం డేటాని కలిపి 72 ఫొటోలు తీస్తే రెండు వేల మందిలో ఒకే మనిషివి రెండు పడేది బ్యాచ్‌కి సగటున ఒక్క జతే, చాలా యాంకర్లకి పాజిటివ్‌లే ఉండవు. మీ పద్ధతిలో ప్రతి యాంకర్‌కూ 3 పాజిటివ్‌లు, 68 నెగటివ్‌లు. 72 × 3 × 68 = 14,688 ట్రిప్లెట్‌లు ఒక్క బ్యాచ్‌లోనే ఉన్నాయి. ఏరుకోవడానికి సరిపోతాయి.

#12 సగం_గ్రేడియంట్

అంటే హార్డ్ నెగటివ్‌లు అసలు వాడకూడదన్నమాట. సెమీ-హార్డ్ పెట్టేసి మర్చిపోండి.

#13 పాత_టెన్సర్

అంత దూరం వెళ్లొద్దు. 2017లో హెర్మన్స్, బేయర్, లైబె రాసిన పేపర్ మొత్తం బ్యాచ్-హార్డ్ మీదే, అంటే #1లో చేసినట్టు బ్యాచ్‌లో దూరపు పాజిటివ్, దగ్గరి నెగటివ్ ఏరడం. ముఖాలు కాదు, వీధి కెమెరాల్లో మనుషుల్ని తిరిగి గుర్తుపట్టే పని. అక్కడా 18 మంది, 4 ఫొటోలు, అంటే సెల్ఫీ_జత గారి బ్యాచే. అది పనిచేసింది. ఎందుకంటే 72 ఫొటోల్లో అన్నిటికంటే దగ్గరి నెగటివ్ అంటే మొత్తం డేటాలో దగ్గరిది కాదు. ఒక మోస్తరు కష్టమైనది, అంతే. మొత్తం డేటా వెతికి దగ్గరివి తెస్తే అది నిజంగా ప్రమాదం.

ఇంకో తేడా, వాళ్లు వర్గ దూరం కాకుండా మామూలు దూరమే వాడారు. అప్పుడు నెగటివ్ ఎంత దగ్గరగా ఉన్నా తోసే బలం తగ్గదు. #7లో చెప్పిన చిక్కు అక్కడ ఆ రూపంలో రాదు. నిజమే, మరీ దగ్గరగా ఉన్నప్పుడు తోసే దిశ మాత్రం నమ్మకంగా ఉండదు. చిన్న చిన్న తేడాలకే దిశ మారిపోతుంది.

#14 వెక్టర్_వాన

మామూలు దూరానికి మారేవాళ్లకి ఒక హెచ్చరిక. వర్గమూలానికి సున్నా దగ్గర గ్రేడియంట్ అనంతం. దూరాల మాత్రికలో వికర్ణం మీద ఉన్న ప్రతి గడీ సున్నాయే, ప్రతి ఫొటోకూ దానితో దానికి ఉన్న దూరం. మాస్క్ చేసి సున్నాతో గుణించినా సరే, సున్నా ఇంటూ అనంతం అయి NaN వస్తుంది. లాస్ బాగానే కనిపిస్తుంది, మరుసటి స్టెప్‌లో వెయిట్లన్నీ NaN. అందుకే ముందే కింది హద్దు పెట్టాలి:

```python
dist = d.clamp(min=1e-12).sqrt()
```

#15 సెల్ఫీ_జత

సెమీ-హార్డ్ పెట్టాను, లెర్నింగ్ రేట్ పదో వంతుకి తగ్గించాను. నెగటివ్ దూరాల సగటు సున్నా దగ్గర నుంచి లేచి 1.3 దాటింది. చాలా సంతోషం. కానీ లాస్ 0.1 చుట్టూనే తిరుగుతోంది, కిందికి రావడం లేదు. మళ్లీ ఇరుక్కుందా?

#16 పాత_టెన్సర్

ఇరుక్కోలేదు. సెమీ-హార్డ్ నియమం చూడండి, నెగటివ్ ఎప్పుడూ పాజిటివ్ దూరానికీ, దానికి మార్జిన్ కలిపినదానికీ మధ్యనే ఉండాలి. అంటే మీరు ఏరిన ఏ ట్రిప్లెట్ లాస్ అయినా 0కీ 0.2కీ మధ్యనే ఉంటుంది, నెట్‌వర్క్ బాగున్నా బాగోకపోయినా. నేర్చుకున్నవి జల్లెడలోంచి జారిపోతాయి, మిగిలినవాటి సగటే మీకు కనిపిస్తుంది. అందుకే గీత చదునుగా ఉంది.

చూడాల్సినవి వేరే. ఒకటి, మొత్తం జతల్లో ఎన్నిటికి సెమీ-హార్డ్ నెగటివ్ దొరుకుతోంది. అది తగ్గుతూ వస్తే నేర్చుకుంటున్నట్టే. దాంతో పాటు నెగటివ్ దూరాల సగటు కూడా చూడండి, అది పడిపోతూ ఉంటే ఆ తగ్గుదలను నమ్మకూడదు. రెండోది, ట్రెయినింగ్‌లో ఒక్క ఫొటో కూడా లేని మనుషుల మీద పరీక్ష. ఫొటోలు వేరైతే చాలదు, మనుషులే వేరు కావాలి.

#17 శుభ్రమైన_లేబుల్

కొంచెం పక్కకి వెళ్లినా ఇది చెప్పాలి. సెమీ-హార్డ్‌లో జతలు దొరకడం తగ్గాక మీరు మళ్లీ బ్యాచ్-హార్డ్ వైపు వెళ్తారు, అందరూ వెళ్తారు. ఆ రోజు ముందు ఒక పని చేయండి. మొత్తం డేటా మీద ఎంబెడింగ్‌లు తీసి, వేర్వేరు పేర్లున్న జతల్లో అన్నిటికంటే దగ్గరివి ఒక యాభై పక్కపక్కన పెట్టి కళ్లతో చూడండి.

మా టీమ్‌లో చూసినప్పుడు పైన వచ్చిన జతల్లో చాలావరకు ఒకే మనిషివి. ఆ మనిషి రెండుసార్లు నమోదయ్యాడు, రెండు ఐడీలు, రెండు ఫోల్డర్లు. నెట్‌వర్క్ సరిగ్గానే దగ్గర పెట్టింది. మనం మాత్రం ప్రతి బ్యాచ్‌లో "వీళ్లు వేరే, విడగొట్టు" అని దాన్ని శిక్షిస్తున్నాం. కష్టమైన నెగటివ్‌లు ఏరే ప్రతి పద్ధతీ లేబుల్ తప్పులను కూడా ఏరుతుంది, ఎందుకంటే లేబుల్ తప్పే అన్నిటికంటే కష్టమైన నెగటివ్. డేటాలో తప్పులు నూటికి ఒకటే ఉన్నా, ఏరిన వాటిలో వాటి వాటా చాలా ఎక్కువ.

పాజిటివ్ వైపు కూడా అంతే. ఒకే పేరున్న జతల్లో అన్నిటికంటే దూరమైనవి తీసి చూస్తే వేరేవాళ్ల ఫోల్డర్‌లో పడిన ఫొటోలు, ముఖం బదులు చొక్కా మీది బొమ్మను కత్తిరించిన ఫొటోలు బయటపడ్డాయి.

#18 సగం_గ్రేడియంట్

అయితే 0.1 కంటే దగ్గరున్న నెగటివ్‌లన్నీ ఆటోమేటిగ్గా తీసేస్తే సరిపోతుంది కదా? చూడటం ఎందుకు?

#19 శుభ్రమైన_లేబుల్

కవలలు పోతారు, అక్కచెల్లెళ్లు పోతారు. మీకు కావాల్సిన అసలైన కష్టమైన కేసులు అవే. తప్పు లేబుల్ కనిపించేదీ, కవలలు కనిపించేదీ దాదాపు ఒకే దూరంలో. దూరం చూసి వాటిని విడదీయలేం. యాభై జతలు చూడటానికి పట్టేది ఒక టీ తాగేంత సేపే, మనిషే చూడాలి.

#20 సెల్ఫీ_జత

#17 చెప్పినట్టు చేశాను. రెండు ఐడీలున్న మనుషులు కొందరు దొరికారు, కలిపేశాను. కానీ మిగిలిన దగ్గరి జతల్లో ఒక వింత ఉంది. దాదాపు అన్నీ కార్డు ఫొటో, కార్డు ఫొటో జతలే. ముఖాలు అంతగా కలవడం లేదు, ఒకరికి గడ్డం ఉంది, ఇంకొకరికి లేదు. రెండింటికీ వెనక ఒకే తెల్ల గోడ, ఒకే ఎదురు వెలుతురు. అదే మనిషి సెల్ఫీ మాత్రం దూరంగా పడుతోంది.

#21 నిశితం

ఇది చాలా విలువైన గమనిక. మీ నెట్‌వర్క్ "ఇది కార్డు ఫొటో" అన్న సంగతిని ఎంబెడింగ్‌లో పెట్టుకుంటోంది. కార్డు ఫొటో యాంకర్ అయితే దగ్గరి నెగటివ్ ఎప్పుడూ ఇంకో కార్డు ఫొటోయే అవుతుంది, దూరపు పాజిటివ్ ఎప్పుడూ సెల్ఫీయే.

మీ అసలు పనిలో పోల్చేది ఎప్పుడూ కార్డుకీ సెల్ఫీకీ మధ్య. కార్డుకీ కార్డుకీ మధ్య దూరం ఎంతైనా మీకు పట్టింపు లేదు. కాబట్టి ఏరడం కూడా అలాగే చేయండి. యాంకర్ కార్డు ఫొటో, పాజిటివ్ అదే మనిషి సెల్ఫీ, నెగటివ్ వేరే మనిషి సెల్ఫీ. తర్వాత తిప్పి, యాంకర్ సెల్ఫీ, మిగతా రెండూ కార్డు ఫొటోలు. పాజిటివ్, నెగటివ్ రెండూ ఒకే రకం కాబట్టి రకాన్ని చూసి తప్పించుకునే అవకాశం ఉండదు. ముఖమే చూడాలి.

`ok` లైన్‌లో ఒక షరతు చేరిస్తే చాలు:

```python
ok = ok & (kind == kind[p])
```

`kind` అంటే ఫొటో ఏ రకమో చెప్పే వరుస. జతల జాబితాలో కూడా యాంకర్, పాజిటివ్ రెండు రకాలుగా ఉన్నవే ఉంచండి. ఒక్కో మనిషివి 4 ఫొటోలు తీసేటప్పుడు 2 కార్డువి, 2 సెల్ఫీలు వచ్చేలా చూడండి, లేకపోతే జతలే దొరకవు.

#22 సెల్ఫీ_జత

చాలామందికి కార్డు ఫొటో ఒక్కటే ఉంది.

#23 నిశితం

అయితే 1, 3. యాంకర్ వైపు తగ్గుతుంది, పర్వాలేదు. ఆ ఒక్క కార్డు ఫొటోకి కాస్త మసక, కుదింపు చేర్చి ఇంకో రూపం తయారు చేయొచ్చు. దాన్ని రెండో ఫొటోగా లెక్కపెట్టకండి, ముఖం ఒకటే కదా.

ఇంకొకటి, గోడ ఎందుకు కనిపిస్తోంది అసలు? కళ్ల స్థానాలు పట్టుకుని ముఖాన్ని నిటారుగా తిప్పి, గట్టిగా కత్తిరిస్తే గోడ చాలావరకు పోతుంది.

#24 సెల్ఫీ_జత

కత్తిరింపు వదులుగానే ఉంది, చెవులు, జుట్టు అన్నీ వచ్చేలా. మారుస్తాను.

#25 కోణం_64

ఇంత కష్టం ఎందుకు పడుతున్నారో నాకు అర్థం కావడం లేదు. ఆర్క్‌ఫేస్ పెట్టండి. ప్రతి మనిషికీ ఒక కేంద్రం, కోణంలో 0.5 మార్జిన్, స్కేల్ 64, మామూలు క్లాసిఫికేషన్ లాగే ట్రెయిన్ అవుతుంది. ఏరడం లేదు, కూలిపోవడం లేదు. ప్రతి ఫొటోనూ అందరి కేంద్రాలతోనూ ఒకేసారి పోలుస్తుంది కాబట్టి దగ్గరి నెగటివ్ ఎవరో వెతకాల్సిన పనే లేదు. ఇప్పుడు ముఖాల పనిలో మొదలుపెట్టేవాళ్లు ట్రిప్లెట్ దగ్గర మొదలుపెట్టరు.

#26 పాత_టెన్సర్

రెండు వేల మంది, ఒక్కొక్కరికి పది ఫొటోలు ఉన్నప్పుడు మీ మాట సబబే. నేనైనా మొదట అలా ట్రెయిన్ చేసి, తర్వాతే ట్రిప్లెట్‌తో సరిదిద్దుతాను. అలా మొదలుపెడితే కూలిపోయే భయం కూడా బాగా తగ్గుతుంది, ఎందుకంటే మొదటి స్టెప్‌లోనే ముఖాలు చాలావరకు విడిపోయి ఉంటాయి. ఇమేజ్‌నెట్ నుంచి నేరుగా వస్తే ముఖాలన్నీ నెట్‌వర్క్‌కి ఒకేలా కనిపిస్తాయి, ఎంబెడింగ్‌లు ఇరుకైన శంకువులో మొదలవుతాయి.

కానీ కార్డు-సెల్ఫీ పని పెరిగిన కొద్దీ మారేది ఒకటుంది. మనుషులు పది లక్షల మంది, ఒక్కొక్కరికి రెండే ఫొటోలు. 512 సంఖ్యల ఎంబెడింగ్ అయితే కేంద్రాల మాత్రికకే 51 కోట్లకు పైగా వెయిట్లు, మామూలు ఫ్లోట్‌లో సుమారు 2 జీబీ. దానికి గ్రేడియంట్, ఆప్టిమైజర్ లెక్కలు అదనం. అంత కంటే పెద్ద ఇబ్బంది, రెండు ఫొటోలతో ఒక మనిషి కేంద్రం ఏం స్థిరపడుతుంది?

#27 కోణం_64

మెమరీ సమస్య కాదు. ప్రతి స్టెప్‌లో పదో వంతు కేంద్రాలు మాత్రమే తీసుకుని ట్రెయిన్ చేసే పద్ధతి ఉంది, ఫలితం పెద్దగా తగ్గదు. రెండు ఫొటోల సంగతి ఒప్పుకుంటాను. అయినా పెద్ద డేటాతో ట్రెయిన్ అయిన మోడల్ తెచ్చుకుని ఆ పది లక్షల మంది మీద సరిదిద్దుతారు గానీ, ఎవరూ మొదటి నుంచి చేయరు కదా.

#28 పాత_టెన్సర్

ఆ సరిదిద్దే చోటే ట్రిప్లెట్ పనికొస్తుందని నా మాట. మనం ఇక్కడ ఒప్పుకోకపోయినా నష్టం లేదు.

#29 గేటు_కెమెరా

నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది. 0.6 ని 0.5 చేయాలా, 0.7 చేయాలా? ఆ మోడల్‌కి ఎల్‌ఎఫ్‌డబ్ల్యూ అనే ముఖాల పరీక్షలో 99 శాతం పైన వచ్చిందట.

#30 శుభ్రమైన_లేబుల్

ముందు అది దూరమా, పోలిక స్కోరా చూసుకోండి. దూరమైతే తగ్గిస్తే కఠినం, స్కోరైతే పెంచితే కఠినం. రెండూ 0.6 దగ్గరే కనిపిస్తాయి, దిశ మాత్రం తలకిందులు.

ఇంకొకరి థ్రెషోల్డ్ మీకు పనికిరాదు. మీ కెమెరా కింద, మీ వెలుతురులో తీసిన ఫొటోలతో వేరువేరు మనుషుల జతలన్నీ తయారు చేయండి. రెండు వందల మంది ఉంటే ఒక్కొక్కరి ఒక్క ఫొటోతోనే 19,900 జతలు వస్తాయి. ఆ దూరాలను వరుసలో పెట్టి, పదివేలలో ఒక తప్పు చాలనుకుంటే ఆ వరుసలో రెండోదో మూడోదో దగ్గర గీత గీయండి. ఆ గీత దగ్గర సొంత మనుషుల్ని ఎంతమందిని తిప్పి పంపుతోందో అప్పుడు చూడండి. రెండూ కలిపి చూస్తేనే నిర్ణయం తీసుకోగలరు.

#31 నిశితం

ఎల్‌ఎఫ్‌డబ్ల్యూ సంగతి కూడా. దాని ప్రామాణిక పరీక్షలో 6,000 జతలు, అందులో వేరువేరు మనుషులవి 3,000. వాటన్నిటిలో ఒక్క తప్పు కూడా రాకపోయినా, తప్పుల రేటు వెయ్యిలో ఒకటి కంటే తక్కువని మాత్రమే కాస్త నమ్మకంగా చెప్పగలం. పదివేలలో ఒకటి గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. పైగా ఆ జతలు యాదృచ్ఛికంగా తీసినవి, అన్నదమ్ములు కావాలని పెట్టినవి కావు. ఆ విధంగా చూస్తే #1లో యాదృచ్ఛిక నెగటివ్‌లతో వచ్చిన చిక్కూ మీ చిక్కూ ఒకటే. ఒకటి ట్రెయినింగ్‌లో, ఒకటి పరీక్షలో.

#32 గేటు_కెమెరా

దూరమే, చూశాను. జతలు తయారు చేస్తాను. ఆ అన్నదమ్ముల జత మాత్రం గీత ఎక్కడ గీసినా లోపలే పడేలా ఉంది, 0.31.

#33 శుభ్రమైన_లేబుల్

వాళ్లిద్దరి కోసం అందరి గీతనూ 0.31 కిందకి దించకండి, సగం మంది గేటు బయటే ఉంటారు. ఆ ఇద్దరికీ కార్డు కూడా అడగండి.

#34 సెల్ఫీ_జత

ముఖం గట్టిగా కత్తిరించి, రకం చూసి ఏరడం పెట్టాక, ట్రెయినింగ్‌లో లేని మనుషుల మీద కార్డు-సెల్ఫీ ఫలితం స్పష్టంగా మెరుగైంది. దగ్గరి జతల్లో ఇప్పుడు గోడ కాదు, నిజంగా పోలికలున్న ముఖాలే వస్తున్నాయి. సెమీ-హార్డ్ నెగటివ్ దొరికే జతలు పదిలో ఒకటికి తగ్గాయి.

ఇక బ్యాచ్-హార్డ్‌కి మారాలా, ఇంకా ఆగాలా? మారితే ఒక్కసారిగానా, కొంచెం కొంచెంగానా?

#35 పాత_టెన్సర్

నేనైతే నెగటివ్ వైపు మాత్రమే మారుస్తాను, పాజిటివ్‌లు అన్నీ అలాగే ఉంచి. దూరాల సగటు ప్రతి వంద స్టెప్పులకీ ప్రింట్ చేస్తూ ఉండండి. పడిపోవడం మొదలైతే వెనక్కి.

#36 నిశితం

నేను మారను. బ్యాచ్‌లో 18 మంది బదులు 60 మందిని పెడతాను. మెమరీ ఉంటే సెమీ-హార్డ్‌లోనే ఇంకా కష్టమైనవి దొరుకుతాయి, కూలిపోయే ప్రమాదం లేకుండా.

#37 వెక్టర్_వాన

60 × 4 అంటే 240 ఫొటోలు, రెస్‌నెట్-50. ఒక్క జీపీయూ మీద పడుతుందా?

#38 నిశితం

112 కొలతకి కత్తిరిస్తే పడుతుంది. పడకపోతే గ్రేడియంట్లు కూడబెట్టే చిట్కా ఇక్కడ పనికిరాదు, ముక్కలుగా పంపితే ఒక ముక్కలోని యాంకర్‌కి ఇంకో ముక్కలోని నెగటివ్‌లు కనిపించవు. ముందు గ్రేడియంట్ లేకుండా అన్నిటి ఎంబెడింగ్‌లు తీసి, ట్రిప్లెట్‌లు ఏరుకుని, ఏరినవాటినే మళ్లీ గ్రేడియంట్‌తో పంపాలి. బ్యాచ్‌నార్మ్ ఉంటే రెండుసార్లూ ఒకే ఎంబెడింగ్ రాదు, అది గమనించుకోండి.

#39 సెల్ఫీ_జత

బ్యాచ్‌నార్మ్ ఉంది. దాని సగటులు కదలకుండా బిగించేసి రెండూ నడిపి చూస్తాను, 60 మందితో సెమీ-హార్డ్ ఒకటి, 18 మందితో నెగటివ్ వైపు హార్డ్ ఇంకొకటి. పరీక్షకి అవే మనుషులు. ఫలితాలు ఇక్కడే పెడతాను.